ధరల పట్టికలో అంకె అంకెగానే ఉండాలి
పీడీఎఫ్ నుంచి ఎక్సెల్‌కు ధరవరలు దింపుకొనే విధానం

మార్కెట్ యార్డుల ధరవరల పట్టికలు, శీతల గిడ్డంగుల నిల్వల జాబితాలు, ఎగుమతిదారుల రేట్ల చీటీలు నేడు చాలావరకు పీడీఎఫ్ రూపంలోనే వర్తకుల చేతికి అందుతున్నాయి. చదువుకోవడానికి ఇది బాగానే ఉంటుంది. కాని సగటు కట్టాలన్నా, నిన్నటి ధరతో పోల్చాలన్నా, నిల్వకు విలువ కట్టాలన్నా ఆ పట్టికను స్ప్రెడ్‌షీటులోకి దింపుకోక తప్పదు. ఇలా దింపేటప్పుడు కంటికి కనిపించని పొరపాటు ఒకటి దొర్లుతూ ఉంటుంది. పట్టిక చూడడానికి సక్రమంగా ఉంటుంది, కూడిక మాత్రం తప్పుతుంది.

ఈ పొరపాటు ఎలా వస్తుందో ఒక మిర్చి పట్టికను తీసుకుని చూడవచ్చు. దిగువ అంకెలు లెక్క కోసం వేసుకున్న నమూనా అంకెలే గాని ఏ రోజు మార్కెట్ ధరలూ కావు. రాబడి బస్తాలలోను, ధర క్వింటాలుకు రూపాయలలోను ఇవ్వబడింది.

| రకం | రాబడి | కనిష్ఠం | గరిష్ఠం | మోడల్ |
|---|---|---|---|---|
| తేజ | 12,500 | 9,000 | 14,200 | 13,000 |
| 334 | 8,000 | 8,500 | 12,800 | 11,500 |
| 341 | 6,500 | 9,500 | 13,500 | 12,000 |
| 355 బాడిగ | 4,000 | 9,000 | 13,000 | 11,800 |
| నం. 5 | 2,500 | 9,500 | 13,200 | 12,200 |
| ఆర్మూర్ | 3,000 | – | 11,800 | 10,800 |
| బంగారం | 900 | – | – | – |
| తాలు | 4,600 | 4,000 | 7,000 | 6,000 |
| మొత్తం | 42,000 | | | |

మోడల్ ధర అంటే ఆ రోజు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడయిందో ఆ ధర. ఆర్మూర్ రకానికి కనిష్ఠ ధర నమోదు కాలేదు. బంగారం రకం యార్డుకు వచ్చింది కాని అమ్మకం జరగలేదు. ఈ రెండు గీతలు తరువాత ఏం చేస్తాయో ముందు ముందు తెలుస్తుంది.

మొత్తం సరిపోయింది, సగటు తప్పింది

ఒక కొట్టులో గుమాస్తా ఈ పట్టికను పీడీఎఫ్ నుంచి కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టాడనుకుందాం. వరసలు అటూ ఇటూ అయితే చేత్తో సర్దాడు, గీతలున్న గడులను ఖాళీ చేశాడు. రకాలు A కాలమ్‌లో, రాబడి B లో, కనిష్ఠం C లో, గరిష్ఠం D లో, మోడల్ ధర E లో పడ్డాయి. సరుకు 2వ వరస నుంచి 9వ వరస వరకు ఉన్నది. రాబడి కూడితే 42,000 వచ్చింది. పీడీఎఫ్‌లో అచ్చయిన మొత్తమూ అంతే. లెక్క సరిపోయిందని నమ్మి, రాబడిని బట్టి సగటు ధర కట్టాడు. అందుకు వాడిన సూత్రం ఇది:

```
=SUMPRODUCT(B2:B9,E2:E9)/SUM(B2:B9)
```

జవాబు రూ. 9,338 అని వచ్చింది. అనుభవం ఉన్న వర్తకుడెవరికైనా ఈ అంకె చూడగానే సందేహం కలగాలి. తాలు తప్ప అమ్ముడయిన మిగతా రకాలన్నీ 10,800 గాని, అంతకు పైన గాని పలికాయి. తాలు మొత్తం రాబడిలో తొమ్మిదో వంతు మాత్రమే. అలాంటప్పుడు సగటు 9,338కి పడిపోవడానికి కారణం లేదు.

లోపం 341 రకం మోడల్ ధరలో ఉన్నది. ఆ గడిలో 12,000 అని కనిపిస్తున్నా ఎక్సెల్ దానిని సంఖ్యగా తీసుకోలేదు, అక్షరాలుగా దాచుకున్నది. పై సూత్రం అక్షరాలను సున్నగా లెక్కిస్తుంది. ఎటువంటి హెచ్చరికా చేయదు. ఫలితంగా 6,500 బస్తాల విలువ లెక్కలోకి రాలేదు గాని, ఆ 6,500 బస్తాలు భాగహారంలో మాత్రం మిగిలిపోయాయి. రావలసిన గుణింతాల మొత్తం 47,02,00,000 కాగా, 39,22,00,000 మాత్రమే వచ్చింది.

ఆ ఒక్క గడిని సరిచేస్తే సగటు రూ. 11,195 అవుతుంది. అదీ ఇంకా సరి అయినది కాదు. అమ్మకం జరగని బంగారం 900 బస్తాలు ఇంకా భాగహారంలో ఉన్నాయి. ధర లేని సరుకును తీసివేసి 41,100 బస్తాలతో భాగిస్తే అసలు సగటు రూ. 11,440 అని తేలుతుంది. సూత్రాన్ని ఇలా మార్చుకుంటే ధర ఉన్న వరసల బస్తాలు మాత్రమే భాగహారంలోకి వస్తాయి:

```
=SUMPRODUCT(B2:B9,E2:E9)/SUMIF(E2:E9,">0",B2:B9)
```

మొదట వచ్చిన 9,338కి, అసలు సగటు 11,440కి తేడా రూ. 2,102. శీతల గిడ్డంగిలో కలగలుపు సరుకు నిల్వ ఉంచి, ఈ సగటుతో బ్యాంకుకు స్టాకు స్టేట్‌మెంటు ఇచ్చే వర్తకుడు 100 క్వింటాళ్ల మీద రూ. 2,10,200 తక్కువ చూపించినట్లవుతుంది. ఆ మేరకు రుణ పరిమితి తగ్గుతుంది. తప్పు రెండో వైపు జరిగి విలువ ఎక్కువ చూపిస్తే, తనిఖీనాడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇందులో గమనించవలసిన విషయమేమంటే, గుమాస్తా మొత్తం సరిచూడకుండా వదిలిపెట్టలేదు. చూశాడు, అది సరిపోయింది కూడా. కాని ఆ మొత్తం రాబడి కాలమ్‌కు సాక్ష్యం చెబుతుందే గాని ధరల కాలమ్‌కు చెప్పదు. ఒక్కొక్క కాలమ్‌కు దాని పరీక్ష దానికి వేరుగా పెట్టుకోవాలి.

పీడీఎఫ్‌లో నిజానికి పట్టిక లేదు

ఈ తప్పులకు మూలం పీడీఎఫ్ తయారయ్యే తీరులోనే ఉన్నది. పీడీఎఫ్ అచ్చు కాగితానికి బదులుగా వాడే దస్త్రం. అందులో సాధారణంగా ఫలానా అక్షరాన్ని పేజీలో ఎడమ నుంచి ఇంత దూరంలో, కింది నుంచి ఇంత ఎత్తులో వేయవలెనన్న ఆదేశాలే ఉంటాయి. గీతలు కూడా అలా విడిగా గీసినవే. ఈ అంకె గరిష్ఠ ధర కాలమ్‌కు చెందినదన్న సమాచారం మామూలుగా అందులో ఉండదు. కంటికి వరసగా కనిపిస్తుంది కనుక మనం పట్టిక అనుకుంటాం.

కాబట్టి పీడీఎఫ్ నుంచి కాపీ చేసి అతికిస్తే అంకెలు వరసగా వస్తాయి గాని వాటి మధ్య ఎడం రాదు. ఆర్మూర్ వరసే చూడండి. కనిష్ఠ ధర ఉండవలసిన చోట గీతకు బదులు ఖాళీయే ఉంటే, 3,000 తరువాత 11,800, ఆ తరువాత 10,800 వస్తాయి. గరిష్ఠ ధర కనిష్ఠం కిందకు, మోడల్ ధర గరిష్ఠం కిందకు జరుగుతాయి. మోడల్ గడి ఖాళీగా మిగులుతుంది. ఇక అతికించినదంతా ఒకే కాలమ్‌లో పడితే, ఖాళీ చోటును బట్టి విడదీయమని ఎక్సెల్‌కు చెప్పడం పరిపాటి. అప్పుడు 355 బాడిగ రెండు ముక్కలై, ఆ వరస మొత్తం కుడివైపుకు ఒక గడి జరుగుతుంది. ఒకే పట్టికలో ఒక వరస ఎడమకు, మరో వరస కుడికి పోతాయి.

పని ప్రారంభించే ముందు ఆ పీడీఎఫ్ ఏ జాతిదో తెలుసుకోవాలి. మౌస్‌తో ఒక అంకె మీద లాగి చూస్తే ఆ అంకె ఒక్కటే రంగు మారిందంటే అందులో అక్షరాలు ఉన్నట్లు. పేజీ మొత్తం ఒక బొమ్మలా ఎంపికయినా, ఏమీ ఎంపిక కాకపోయినా అది స్కాను చేసిన కాగితం. దిగువ చెప్పిన విధానం మొదటి జాతికి మాత్రమే పనికివస్తుంది.

వరసలు చెదరకుండా దింపడం

మైక్రోసాఫ్ట్ 365తో వచ్చే విండోస్ ఎక్సెల్‌లో ఇందుకు ఏర్పాటు ఉన్నది. `Data` మీద నొక్కి, `Get Data`, `From File`, `From PDF` అని వరసగా వెళ్లి దస్త్రాన్ని చూపాలి. కొద్దిసేపటికి `Navigator` అనే పలక తెరుచుకుంటుంది. అందులో `Table001 (Page 1)` వంటి పేర్లు, `Page001` వంటి పేర్లు కనిపిస్తాయి. మొదటి తరహావి ఎక్సెల్ పట్టికలుగా గుర్తించినవి. రెండో తరహావి పేజీ మొత్తంగా తీసుకున్నవి. పట్టికను ఎంచుకుని పక్కన కనిపించే నమూనాలో కాలమ్‌లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. పట్టిక రెండు ముక్కలుగా కనిపించినా, ఒక కాలమ్ పోయినా, పేజీ మొత్తాన్ని ఎంచుకుని సర్దుకోవడం మేలు.

ఇక్కడ చాలామంది వెంటనే `Load` నొక్కుతారు. అలా చేయరాదు. `Transform Data` నొక్కితే సర్దుబాటుకు వేరే తెర వస్తుంది. అసలు పని అక్కడ జరగాలి.

ఎక్సెల్‌లో ఈ ఆదేశం కనిపించని వారికి టాబ్యులా అనే ఉచిత సాధనం ఉన్నది. ఇది పనిచేయడానికి కంప్యూటరులో జావా ఉండాలి. బ్రౌజరులో తెరుచుకున్నా, దస్త్రం మాత్రం సొంత కంప్యూటరు దాటి పోదు. పార్టీల పేర్లు, బాకీలు ఉన్న కాగితాలను ఊరూ పేరూ తెలియని ఇంటర్నెట్ సైట్లకు పంపి మార్పించుకోవడం కన్నా ఇది క్షేమం. టాబ్యులాలో పట్టిక చుట్టూ గడి గీసిన తరువాత రెండు పద్ధతులు ఉంటాయి. పట్టికకు గీతలు ఉంటే `Lattice`, గీతలు లేక ఎడంతోనే కాలమ్‌లు ఏర్పడి ఉంటే `Stream` ఎంచుకోవాలి. మొదటిది గీతలను బట్టి గడులు కడుతుంది కనుక ఖాళీ గడి ఖాళీగానే వస్తుంది. రెండోది ఎడాన్ని చూసి ఊహిస్తుంది. టాబ్యులా ఇచ్చే సీఎస్‌వీ దస్త్రాన్ని రెండుసార్లు నొక్కి తెరవకుండా, ఎక్సెల్‌లో `From Text/CSV` ద్వారా తీసుకుని, అక్కడ కూడా `Transform Data` కే వెళ్లాలి. అక్కడి నుంచి ఇద్దరి దారీ ఒకటే.

అంకెను అంకెగా మార్చడం

సర్దుబాటు తెర కుడివైపున `Applied Steps` అని జరిగిన పనుల జాబితా ఉంటుంది. చాలా సందర్భాలలో అందులో `Changed Type` అనే మెట్టు దానంతట అదే చేరి ఉంటుంది. అంటే ఏ కాలమ్ సంఖ్య, ఏది తేదీ అన్నది ఎక్సెల్ తానే ఊహించి మార్చేసిందన్న మాట. ఈ ఊహకు ఆధారం పట్టికలోని మొదటి 200 వరసలు మాత్రమే. పొడవైన పట్టికలో ఆ తరువాత ఎక్కడో గీత గాని, గుర్తు గాని తగిలితే ఊహ తప్పుతుంది. కాబట్టి ఆ మెట్టు పక్కనున్న గుర్తును నొక్కి దానిని తీసివేయాలి. నిర్ణయం వర్తకుడిదే కావాలి.

మొదట శీర్షికలు సర్దుకోవాలి. రకం, రాబడి వంటి పేర్లు పట్టిక మొదటి వరసలో ఉంటే `Use First Row as Headers` నొక్కితే అవి పైకి వెళతాయి. దీని తరువాత `Changed Type` మళ్లీ చేరవచ్చు. చేరితే మళ్లీ తీసివేయాలి. రెండో పేజీలో అవే శీర్షికలు తిరిగి వచ్చి ఉంటే ఆ వరసలను, చివర మొత్తం వరసను వడపోసి తొలగించాలి. మొత్తం వరస సరుకులో కలిసిపోతే కూడిక 84,000 అవుతుంది.

తరువాత గీతల పని. కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ కాలమ్‌లు మూడింటినీ ఎంచుకుని `Replace Values` నొక్కాలి. వెతకవలసిన దాని స్థానంలో గీతను, మార్చవలసిన దాని స్థానంలో `null` అని వేయాలి. అదనపు ఎంపికలలో `Match entire cell contents` గడిని నొక్కి ఉంచాలి. అప్పుడు గడిలో గీత ఒక్కటే ఉన్నచోట మాత్రమే మార్పు జరుగుతుంది. గీతలు రెండు రకాలు, పొట్టివి, పొడవువి. కీబోర్డు మీద ఉన్న పొట్టి గీత వేస్తే పీడీఎఫ్‌లోని పొడవు గీత దొరకదు. గడిలో నుంచి కాపీ చేసి అతికిస్తే ఈ చిక్కు ఉండదు.

ఇక్కడ `null` బదులు సున్న వేయడం పెద్ద పొరపాటు. అమ్మకం జరగలేదన్న మాటకు, ధర సున్న అన్న మాటకు ఎంత తేడా ఉన్నదో వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. పై పట్టికలో ధర ఉన్న 7 రకాల మోడల్ ధరలకు సాదా సగటు కడితే రూ. 11,043 వస్తుంది. బంగారానికి సున్న వేసి 8తో భాగిస్తే రూ. 9,663కి దిగుతుంది. ఖాళీ గడిని సగటు సూత్రం వదిలివేస్తుంది, సున్నను మాత్రం లెక్కలో వేసుకుంటుంది.

ఆ తరువాత కనిపించని ఖాళీల పని పట్టాలి. 341 గడిలో జరిగింది ఇదే. 12,000 తరువాత విడదీయరాని ఖాళీ అనే ఒక చిహ్నం ఉన్నది. పంక్తి మధ్యలో విరగకుండా ఉండటానికి దానిని అచ్చు కూర్పులో వాడతారు. కంటికి మామూలు ఖాళీలాగే ఉంటుంది గాని కంప్యూటరుకు అది వేరు. మళ్లీ `Replace Values` తీసుకుని, అదనపు ఎంపికలలో ప్రత్యేక చిహ్నాల జాబితా నుంచి `Non-breaking space` ఎంచుకుని, మార్చవలసిన చోట ఏమీ వేయకుండా వదిలితే ఆ చిహ్నం పోతుంది. ఈసారి `Match entire cell contents` నొక్కి ఉండరాదు. ధర ముందు రూ. అన్న మాట గాని, వెనుక నక్షత్రపు గుర్తు గాని ఉంటే అవి కూడా ఇలాగే తీయాలి.

ఇప్పుడు రాబడి, ధరల కాలమ్‌లను ఎంచుకుని, కుడి మౌస్ నొక్కి, `Change Type`, `Using Locale` కు వెళ్లాలి. రకంగా `Decimal Number`, ప్రాంతంగా `English (India)` చూపాలి. సంఖ్యలుగా మారినవి కుడివైపుకు జరుగుతాయి. మారలేని గడిలో `Error` అని కనిపిస్తుంది.

ఈ `Error` ను తేలికగా తీసుకోరాదు. దానిని అలాగే వదిలి పట్టికను ఎక్సెల్‌లోకి దింపితే ఆ గడి ఖాళీగా వస్తుంది. అమ్మకం లేని ఖాళీకి, చెడిపోయిన ధర ఖాళీకి షీటులో తేడా తెలియదు. దింపిన తరువాత కుడివైపు పలకలో ఎన్ని వరసలు వచ్చాయో, వాటితోపాటు ఎన్ని లోపాలు ఉన్నాయో రాసి ఉంటుంది. అక్కడ లోపాల సంఖ్య కనిపిస్తే వెనక్కు వెళ్లి ఒక్కొక్క గడి చూడాలి. అన్ని లోపాలనూ ఒకేసారి ఖాళీగా మార్చే ఆదేశం ఉన్నది గాని, గీతలను ముందుగా విడిగా తీయకుండా దానిని వాడితే అసలు ధరలు కూడా వాటితోపాటే కొట్టుకుపోతాయి.

అంకెలా కనిపించినా అంకె కానివి

అంకెలతో రాసినవన్నీ సంఖ్యలు కావు. 334, 341 అనేవి రకాల పేర్లు. వాటిని కూడరు, భాగించరు. రకం కాలమ్‌ను `Text` గా ఉంచాలి. ఒక షీటులో 334 సంఖ్యగాను, మరో షీటులో అక్షరాలుగాను ఉంటే, రెండింటినీ కలిపి వెతికినప్పుడు రకం దొరకలేదని ఎక్సెల్ జవాబు చెబుతుంది.

లాటు నంబర్ల సంగతీ ఇంతే. 0045 అన్న లాటు సంఖ్యగా మారితే 45 అవుతుంది. 12/45 అని రాసిన లాటు, సీఎస్‌వీని నేరుగా తెరిచిన షీటులో డిసెంబరు నెల తేదీగా మారిపోవచ్చు. అలా మారిన తరువాత తిరిగి అక్షరాలుగా మార్చినా పాత రూపు రాదు, తేదీకి వెనుక ఉన్న ఒక వరస సంఖ్య బయటపడుతుంది. అందుచేత లాటు కాలమ్‌ను మొదటే `Text` అని నిర్ణయించాలి.

తేదీలలో మరో మోసం ఉన్నది. అనేక రోజుల పట్టికలు ఒకచోట చేర్చేటప్పుడు 03-04-2025 అన్నది మన వాడుకలో ఏప్రిల్ 3. కంప్యూటరు అమెరికా పద్ధతిలో ఉంటే దానిని మార్చి 4గా తీసుకుంటుంది. ఇది తప్పని ఏ గుర్తూ ఉండదు. కాని 13-04-2025కి వచ్చేసరికి 13వ నెల లేదు కనుక అది తేదీగా మారదు. ఒక నెలలో 12వ తేదీ వరకు ఒక వైపు, 13 నుంచి మరో వైపు నిలబడినట్లు కనిపిస్తే కారణం ఇదేనని గ్రహించాలి. తేదీ కాలమ్‌కు కూడా `Using Locale` ద్వారా `English (India)` చూపితే ఈ తగవు తీరుతుంది.

దింపిన తరువాత మూడు పరీక్షలు

మొదటిది లెక్కింపు. ఒక కాలమ్‌లో ఎన్ని గడులు నిండి ఉన్నాయో, వాటిలో ఎన్ని సంఖ్యలో పక్కపక్కన చూడాలి.

```
=COUNTA(E2:E9)
=COUNT(E2:E9)
```

మొదటి సూత్రం నిండిన గడులన్నింటినీ, రెండోది సంఖ్యలను మాత్రమే లెక్కిస్తుంది. గుమాస్తా షీటులో మొదటిది 7, రెండోది 6 చూపేవి. ఆ ఒక్క తేడాయే 341. ఏ గడిలో లోపమో తెలియకపోతే `=LEN(E4)` వేసి చూడాలి. 12,000 అన్న రాతలో కామాతో కలిపి 6 గుర్తులే ఉన్నాయి, జవాబు 7 వస్తుంది. `=CODE(RIGHT(E4))` వేస్తే 160 అని చూపుతుంది. అది విడదీయరాని ఖాళీ సంఖ్య. దీనిని `TRIM` తీయలేదు. ఇప్పటికే షీటులో ఉన్న పాత పట్టికను బాగు చేసుకోవలసిన వారు పక్క కాలమ్‌లో ఈ సూత్రం వేసుకోవచ్చు:

```
=VALUE(SUBSTITUTE(SUBSTITUTE(TRIM(E4),CHAR(160),""),",",""))
```

ఇది ఆ ఖాళీని, కామాలను తీసివేసి సంఖ్యను ఇస్తుంది. ధర లేని గడి పక్కన దీనిని వేయరాదు, వేస్తే లోపం చూపుతుంది. వచ్చిన జవాబులను `Paste Special`, `Values` ద్వారా అసలు కాలమ్‌లో అతికించుకోవాలి. గడికి కేవలం సంఖ్య రూపు ఇచ్చినంత మాత్రాన అందులోని అక్షరాలు సంఖ్య కావన్నది మరువరాదు. రూపు వేరు, సరుకు వేరు.

రెండోది మొత్తం. రాబడి కూడిక పీడీఎఫ్‌లో అచ్చయిన 42,000తో సరిపోవాలి. ఒక వరస జారిపోయినా, ఒక వరస రెండుసార్లు వచ్చినా ఇక్కడ తెలుస్తుంది.

మూడోది ధరల వరస. కనిష్ఠం కన్నా మోడల్ తక్కువ కారాదు, గరిష్ఠం కన్నా ఎక్కువ కారాదు. ఇది మార్కెట్ ధర్మం గనుక దీనినే కాపలా పెట్టుకోవచ్చు.

```
=IF(COUNT(C2:E2)=3,AND(C2<=E2,E2<=D2),"చూడాలి")
```

మూడు ధరలూ ఉండి వరస సరిగా ఉంటే `TRUE`, వరస తప్పితే `FALSE` వస్తుంది. ఏదైనా ధర లోపిస్తే చూడాలి అని వస్తుంది. నమూనా పట్టికలో ఆర్మూర్, బంగారం వరసలు రెండింటికే ఆ మాట రావాలి. ఆ రెండింటినీ పీడీఎఫ్ పక్కన పెట్టి కంటితో సరిచూడాలి. ఆర్మూర్ ధరలు ఎడమకు జరిగి ఉంటే కనిష్ఠం కింద 11,800, గరిష్ఠం కింద 10,800 కనిపిస్తాయి. కనిష్ఠం గరిష్ఠాన్ని మించడం ఏ యార్డులోనూ జరగదు కనుక జరుగుబాటు బయటపడుతుంది. మరే వరసకైనా ఆ మాట వస్తే అక్కడ ధర పోయినట్లే.

ఈ మూడు పరీక్షలకు చిక్కని తప్పు ఒకటి ఉంటుంది. 13,000 అన్నది 12,900గా మారితే లెక్కింపు, మొత్తం, వరస అన్నీ సరిగానే ఉంటాయి. అక్షరాలున్న పీడీఎఫ్‌లో ఇలా జరగడం అరుదు. స్కాను కాగితంలో మాత్రం బొమ్మను చూసి అంకెను పోల్చుకోవలసి ఉంటుంది కనుక 3, 8 తారుమారు కావచ్చు, కామా చుక్కగా మారవచ్చు. `From PDF` ఆదేశం స్కాను బొమ్మలోని అంకెలను చదవదు. అలాంటి కాగితాన్ని ఏ సాధనంతో చదివించినా ఒకరు చదువుతూ, మరొకరు చూస్తూ ప్రతి అంకెనూ సరిపోల్చక తప్పదు. వీలుంటే పంపినవారి దగ్గర ఎక్సెల్ దస్త్రమే అడిగి తీసుకోవడం ఉత్తమం.

తెలుగు పట్టికలకు మరో అడ్డంకి ఉన్నది. అను వంటి పాత ఫాంట్లతో కూర్చిన పీడీఎఫ్‌ల నుంచి దింపితే రకాల పేర్ల స్థానంలో అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి. పట్టిక చెడిపోయిందని దానిని పారవేయనవసరం లేదు. పేర్ల కాలమ్ ఒక్కటీ తిరిగి టైపు చేసుకుని, అంకెలకు పై పరీక్షలు జరిపితే సరిపోతుంది.

సర్దుబాటు మెట్లు ఒకసారి కుదిరితే రోజూ మళ్లీ చేయనక్కరలేదు. మర్నాటి పీడీఎఫ్‌ను అదే పేరుతో, అదే స్థానంలో ఉంచి `Refresh All` నొక్కితే అవే మెట్లు కొత్త ధరలకు నడుస్తాయి. యార్డు వారు పట్టిక అమరిక మార్చిననాడు మాత్రం అవి దారి తప్పుతాయి. అందుచేత మూడు పరీక్షల సూత్రాలను పట్టిక పక్కనే శాశ్వతంగా ఉంచుకుని, వాటిని చూసిన తరువాతే ఆ రోజు సగటును స్టేట్‌మెంటులోకి ఎక్కించాలి.